"మీ అతిపెద్ద బలహీనత ఏమిటి?" ఇంటర్వ్యూలో ఒక్క నిమిషంలో నిజం చెప్పి ఆగడం ఎలా

ఈ ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసుకున్నప్పుడు చాలామందికి బాగానే ఉంటుంది. నోరు తెరిచాకే చెడుతుంది. మొదటి వాక్యం గొణుగుతారు, రెండో వాక్యంలో సమర్థించుకుంటారు, మూడో వాక్యానికి ఎక్కడ ఆపాలో తెలియక "దాని మీద వర్క్ చేస్తున్నానండి" అని చేతులు దులుపుకుంటారు.

అందుకే ఇక్కడ ఏం చెప్పాలి అన్నదానితో పాటు పైకి ఎలా చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నదీ చూద్దాం. తయారీకి ఒక సాయంత్రం చాలు. ఇంటర్వ్యూకి కనీసం రెండు రోజుల ముందు మొదలుపెడితే పైకి చెప్పి చూసుకోవడానికి సమయం మిగులుతుంది.

## 1. బలహీనతను వెతకండి, తయారుచేయకండి

జవాబు కోసం బలహీనతను కల్పిస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. కల్పించినదానికి తేదీ ఉండదు, అక్కడున్న మనుషులుండరు, జరిగిన నష్టం ఉండదు. నిజమైనది మూడు చోట్ల దొరుకుతుంది.

- పాత పనితీరు సమీక్షలో, లేదా ప్రాజెక్టు మార్కుల దగ్గర ఎవరో రాసిన "ఇది మెరుగుపరచుకోవాలి" అన్న వాక్యంలో.
- ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు మీ గురించి ఒకేలా అన్న మాటలో. ఒక్కరంటే అది వాళ్ల అభిప్రాయం కావచ్చు. ఇద్దరూ అదే అంటే రాసుకోండి.
- ఇప్పటికీ గుర్తొస్తే ఇబ్బందిగా అనిపించే ఒక పని రోజులో.

మూడోదే చాలాసార్లు అసలు గని. సంఘటన ముందే చేతిలో ఉంటుంది కాబట్టి దాని వెనకున్న అలవాటును పట్టుకుంటే సరిపోతుంది.

## 2. పెద్ద మాటను చిన్న అలవాటుగా కోయండి

"నాకు కమ్యూనికేషన్ వీక్" అంటే వినేవాళ్లకు ఏమీ అర్థం కాదు. అర్థం కానప్పుడు వాళ్లు తమకు తోచిన చెత్త ఊహ చేసుకుంటారు. ఈమెయిల్ రాయడం రాదా? కస్టమర్‌తో గొడవ పెట్టుకుంటారా? మీరు చెప్పదలచుకున్నది అసలు అది కాకపోవచ్చు.

అలవాటు అంటే కెమెరా పెడితే కనబడేది. "మీటింగ్‌లో ఐదుగురికంటే ఎక్కువమంది ఉంటే సందేహం ఉన్నా అడగను, తర్వాత విడిగా మెసేజ్ పెడతాను." ఇది కనబడుతుంది. "ఓపిక తక్కువ" కనబడదు. "ఎదుటివాళ్లు వాక్యం పూర్తిచేయకముందే జవాబు మొదలుపెడతాను" కనబడుతుంది. ఇలా కోసినప్పుడు బలహీనత పరిమాణం కూడా తగ్గుతుంది, అదీ అబద్ధమాడకుండానే.

కోశాక ఈ నాలుగు ప్రశ్నలూ అడగండి.

- ఉద్యోగ ప్రకటనలో మొదటి రెండు మూడు బాధ్యతలను ఇది నేరుగా దెబ్బతీస్తుందా? తీస్తే వేరేది చూడండి. అకౌంట్స్ ఉద్యోగానికి వెళ్లి అంకెలు తప్పుతుంటానని చెప్పకూడదు.
- ఇది నమ్మకానికి సంబంధించినదా? లెక్కలు దాచడం, గడువు గురించి అబద్ధం చెప్పడం లాంటివైతే వద్దు.
- దీనికి ఒక్క నిజమైన సంఘటన ఉందా?
- దీన్ని మార్చుకోవడానికి ఏదైనా చేయడం మొదలుపెట్టానా?

చివరిదానికి జవాబు "లేదు" అయితే ఈ రోజే మొదలుపెట్టండి, ఇంటర్వ్యూలో "రెండు రోజుల కిందట మొదలుపెట్టాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. రెండు రోజులను రెండేళ్లు చేయకండి. వివరాలడిగితే అల్లిన అబద్ధం అక్కడే విప్పుకుంటుంది.

ఇంకొక్క మాట. ఆరోగ్య సమస్య, వైకల్యం, ఇంటి బాధ్యతలు ఈ ప్రశ్నకు జవాబులు కావు. అడిగింది పని చేసే తీరు గురించి. ఖంగారులో చాలామంది అటువైపు జారి, చెప్పనక్కర్లేని సొంత సంగతులు చెప్పేసి బయటికొచ్చాక బాధపడతారు.

## 3. జవాబుకు వరుస

వరుస ఇది. మార్చకండి.

1. అలవాటు పేరు, ఒకే వాక్యంలో.
2. అది బయటపడిన ఒక్క సంఘటన, రెండు మూడు వాక్యాల్లో.
3. దానివల్ల ఎవరికి ఏం నష్టం జరిగింది, ఒక వాక్యం.
4. ఆ తర్వాత మీరు పెట్టుకున్న పద్ధతి. ఇక్కడ తొందరపడకండి.
5. ఇప్పుడు ఎలా ఉంది, ఇంకా ఎంత మిగిలింది.

మొత్తం 45 నుంచి 60 సెకన్లు. అందులో దాదాపు సగం నాలుగో అంకెకు పోవాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు. సంఘటనను కథలా నలభై సెకన్లు చెప్పి, మార్పును ఒక్క ముక్కలో ముగిస్తారు. అప్పుడు వినేవాళ్ల మనసులో మిగిలేది తప్పే.

మూడో అంకెను చాలామంది వదిలేస్తారు, నష్టం ఒప్పుకుంటే మైనస్ అవుతుందన్న భయంతో. నా అనుభవంలో ఆ వాక్యంతోనే మిగతా జవాబుకు నమ్మకం వస్తుంది. నష్టం లేని బలహీనత బలహీనతే కాదని అవతలివాళ్లకూ తెలుసు.

## 4. ఒక జవాబును విప్పి మళ్లీ కడదాం

మాక్ ఇంటర్వ్యూ కోసం నా దగ్గరికి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్ మొదటిసారి చెప్పిన జవాబు ఇది.

> "యాక్చువల్లీ... నా వీక్‌నెస్ అంటే, నేను కొంచెం ఎక్కువ ఇండిపెండెంట్‌గా పనిచేస్తానండి. అంటే ఏ సమస్య వచ్చినా నేనే సాల్వ్ చేయాలనుకుంటాను. దానివల్ల ఒక్కోసారి కొంచెం టైమ్ పడుతుంది. అంటే పెద్ద ప్రాబ్లమ్ ఏం కాదు, పాత కంపెనీలో డాక్యుమెంట్లు కూడా సరిగ్గా ఉండేవి కావు, సీనియర్లు ఎప్పుడూ బిజీ. ఇప్పుడైతే దాని మీద వర్క్ చేస్తున్నాను, చాలావరకు తగ్గిపోయింది."

చెడ్డ మనిషి జవాబేం కాదు ఇది. కానీ ఒక్క గట్టి ముక్క లేదు. "ఇండిపెండెంట్" అన్నది బలహీనతకు వేసిన అందమైన ముసుగు. "ఒక్కోసారి", "కొంచెం", "చాలావరకు" అన్న మాటలు ఏ కొలతకూ అందవు. మధ్యలో పాత కంపెనీ మీద నింద పడింది. చివర మార్పు ఉందన్నారు గానీ ఏం మారిందో లేదు.

నేను మూడే అడిగాను. ఎప్పుడు? ఎంతసేపు? ఎవరు ఇబ్బంది పడ్డారు?

కాసేపు ఆగి చెప్పింది. ఒక రిలీజ్‌కి ముందు రోజు టెస్ట్ డేటా లోడ్ కాలేదట. ఉదయం పదింటికి మొదలుపెట్టి సాయంత్రం నాలుగింటిదాకా ఎవరికీ చెప్పకుండా తనే కుస్తీ పట్టింది. చివరికి పక్క టీమ్‌లో ఒకరిని అడిగితే పది నిమిషాల్లో తేలింది. డేటాబేస్ పాస్‌వర్డ్ మారింది, ఆ సంగతి ఈమెకు తెలియదు, అంతే. కానీ అప్పటికే ఆరు గంటలు పోయాయి. టీమంతా రాత్రి తొమ్మిదిదాకా ఉండాల్సి వచ్చింది.

"మరి ఇది చెప్పలేదేం?" అన్నాను. "ఇది చెబితే తీసుకోరేమోనని, సార్" అంది.

ముసుగు తీసి, నింద కోసేసి, వరుసలో పెడితే ఇలా వచ్చింది.

> "ఎక్కడైనా ఇరుక్కుపోతే వెంటనే ఎవరినీ అడగకపోవడం నా బలహీనతండి. పోయిన ఏడాది ఒక రిలీజ్‌కి ముందు రోజు టెస్ట్ డేటా లోడ్ కాలేదు. నేనే తేలుస్తానని ఆరు గంటలు కూర్చున్నాను. చివరికి పక్క టీమ్‌ని అడిగితే పది నిమిషాల్లో తేలింది. నా వల్ల టీమంతా ఆ రోజు రాత్రి తొమ్మిదిదాకా ఆగాల్సి వచ్చింది.
>
> అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముప్పావు గంటలో దారి దొరక్కపోతే మూడు లైన్లు రాసి గ్రూపులో పెడతాను. ఏం చేయబోయాను, ఏమేం ప్రయత్నించాను, ఎక్కడ ఆగిపోయాను. అలా రాస్తే అవతలివాళ్లకూ సులువు, నాకూ అడగడానికి మొహమాటం ఉండదు. తర్వాతి మూడు రిలీజుల్లో ఆరుసార్లు ఇలా అడిగాను, నా వల్ల ఏదీ ఆలస్యం కాలేదు. కొత్తవాళ్ల మధ్య మొదటి వారం మాత్రం ఇప్పటికీ కాస్త వెనకాడతాను, అందుకే ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటాను."

మామూలు వేగంతో చదివితే నిమిషంలోపే అయిపోతుంది. పాస్‌వర్డ్ సంగతి తీసేశాం, గమనించారా? అది నిజమే, ఆసక్తిగానూ ఉంది. కానీ అది చెబితే వినేవాళ్ల బుర్ర సాంకేతిక వివరం వైపు పోతుంది. అడిగితే చెప్పడానికి జేబులో ఉంచుకోవడమే మేలు.

చివరి వాక్యం కూడా చూడండి. "పూర్తిగా పోయింది" అనలేదు. పూర్తిగా పోయినదాన్ని అతిపెద్ద బలహీనత అని ఎలా అంటాం? కొంచెం మిగిలింది అని చెప్పి, ఆ మిగిలినదానికి ఏం చేస్తున్నదీ చెప్పింది.

## 5. మార్పు అంటే ఏమిటో తేల్చుకోండి

జవాబుల్లో ఎక్కువ దెబ్బతినేది ఇదే. "జాగ్రత్తగా ఉంటున్నాను", "ప్రయత్నిస్తున్నాను", "అవగాహన పెరిగింది" ఇవేవీ మార్పులు కావు, ఉద్దేశాలు. మార్పులో మూడుంటాయి. ఎప్పుడు మొదలవుతుందో తెలిపే గుర్తు, అప్పుడు చేసే పని, జరిగిందని తెలిపే ఆనవాలు.

పై ఉదాహరణలో గుర్తు ముప్పావు గంట. పని మూడు లైన్ల మెసేజ్. ఆనవాలు ఆరుసార్లు అడగడం, ఆలస్యం లేకపోవడం.

మీటింగ్‌లో మాట్లాడని అలవాటుకైతే గుర్తు మీటింగ్ ఆహ్వానం రావడం. పని, వెళ్లేముందు ఒక ప్రశ్న రాసుకుని మొదటి పావుగంటలో అడగడం. ఆనవాలు, మీటింగ్ తర్వాత విడిగా పంపే మెసేజ్‌లు తగ్గడం.

ఒక కోర్సు చేశాననో, పుస్తకం చదివాననో చెప్పి ఆపేస్తే చాలదు. ఆ కోర్సు తర్వాత సోమవారం పొద్దున మీరు వేరుగా చేసిన పని ఏమిటో చెప్పాలి. అంకె దొరక్కపోతే అల్లకండి. "మా మేనేజర్ ఈ మధ్య మళ్లీ ఆ మాట అనలేదు" అన్నదీ ఆనవాలే.

## 6. పైకి చెప్పండి, బట్టీ పట్టకండి

జవాబు మొత్తం రాసి బట్టీ పడితే ఒక్క పదం మరిచిపోయినా మొత్తం ఆగిపోతుంది. దానికి బదులు చిన్న కాగితం మీద ఐదు మాటలు రాసుకోండి. టెస్టర్ కాగితం మీద ఉన్నవి ఇవి: *అడగను, ఆరు గంటలు, తొమ్మిదిదాకా, మూడు లైన్లు, మొదటి వారం.*

తర్వాత ఈ వరుసలో చేయండి.

1. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, కాగితం చూస్తూ ఒకసారి చెప్పండి. ఎంతసేపు వచ్చిందో చూడండి. మొదటిసారి రెండు నిమిషాలు దాటడం మామూలే.
2. వినండి. వినడం ఇబ్బందిగా ఉంటుంది, అయినా తప్పదు. సంఘటనలో కొట్టేయగలిగిన వాక్యాలు కొట్టేయండి. పద్ధతిలోంచి మాత్రం కొట్టకండి.
3. కాగితం లేకుండా రెండోసారి. పదాలు మారినా పట్టించుకోకండి, ఐదు మాటలూ వరుసలో వచ్చాయా అన్నదే చూడండి.
4. మూడోసారి మనిషి ముందు. వాళ్లకు వరుస చెప్పకండి. అయ్యాక "నా బలహీనత ఏంటి? నేనేం మార్చాను?" అని అడగండి. రెండూ వాళ్లు తిరిగి చెప్పగలిగితే జవాబు సిద్ధం.

రెండోసారి విన్నప్పుడు మొదటి వాక్యం మీద చెవి పెట్టండి. మనకు తెలియకుండానే ఆ వాక్యం చివర గొంతు తగ్గుతుంది, లేదా చిన్న నవ్వు వస్తుంది. నవ్వు ఇబ్బందిని కప్పడానికి వస్తుంది గానీ అవతలివాళ్లకు తేలిగ్గా తీసుకున్నట్టు వినబడుతుంది. మందు ఒకటే. ప్రశ్న విన్నాక ఒక ఊపిరి తీసుకుని, మొదటి వాక్యాన్ని మీ పేరు చెప్పినంత మామూలుగా చెప్పండి. "యాక్చువల్లీ", "అంటే" లాంటివి కూడా ఆ ఊపిరి తీసుకోకపోవడం వల్లే దొర్లుతాయి.

ఇంటర్వ్యూ ఇంగ్లీషులో అయితే ముందు తెలుగులో వరుస కుదుర్చుకుని, తర్వాత ఆ ఐదు మాటలతో ఇంగ్లీషులో చెప్పండి. తెలుగు వాక్యాన్ని అక్షరాలా మార్చబోతే మధ్యలో ఇరుక్కుంటారు. పొడవాటి వాక్యం కంటే రెండు చిన్న వాక్యాలు మేలు.

## 7. ఆగండి

చివరి వాక్యం అయ్యాక గదిలో రెండు మూడు సెకన్లు నిశ్శబ్దం ఉంటుంది. అవతలివాళ్లు రాసుకుంటూ ఉంటారు. మనకు మాత్రం అది నచ్చలేదేమో అనిపిస్తుంది, టెన్షన్‌లో ఇంకో బలహీనత కలిపేస్తాం, లేదా "కానీ నేను చాలా కష్టపడతానండి" అంటాం. బాగా వచ్చిన జవాబులు ఎక్కువగా ఈ మూడు సెకన్లలోనే పాడవుతాయి.

చివరి వాక్యం ముందే తెలిసి ఉంటే ఆగడం సులువు. మిగతా వాక్యాల్లో పదాలు మారినా పర్వాలేదు, ఇదొక్కటి మాత్రం నోటికి రావాలి. చెప్పాక నోరు మూసుకుని వాళ్ల వైపు చూడండి. వీడియో ఇంటర్వ్యూలో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఈ ఖాళీ ఇంకా పొడుగ్గా అనిపిస్తుంది. అప్పుడూ అంతే.

## 8. తరువాత రాగల ప్రశ్నలు

"ఇది మళ్లీ ఎప్పుడైనా జరిగిందా?" జరిగి ఉంటే చెప్పండి. "ఒకసారి ముప్పావు గంట దాటి రెండు గంటలైంది, ఆ రోజు టైమర్ పెట్టుకోలేదు." ఇలా చెబితే పద్ధతి నిజమని తెలుస్తుంది.

"మీ పాత మేనేజర్‌ని అడిగితే ఇదే చెబుతారా?" ఇది ఉచ్చు కాదు. వాళ్లు నిజంగా అడగవచ్చు. అందుకే ఎంచుకునేటప్పుడే మేనేజర్‌కి తెలిసిన బలహీనత తీసుకుంటే మంచిది.

"ఇంకొకటి చెప్పండి." రెండోది కూడా సిద్ధంగా ఉంచుకోండి, కానీ సగం పొడవులో. అలవాటు ఒక వాక్యం, పద్ధతి రెండు వాక్యాలు. మూడోది అడిగితే "ఈ రెండే నేను ప్రస్తుతం పట్టించుకుంటున్నవండి" అని మర్యాదగా ఆపవచ్చు.

"మా దగ్గర అడగడానికి ఎవరూ ఉండరు, అప్పుడు?" బలహీనతను ఈ ఉద్యోగంలో పెట్టి చూస్తున్నారన్నమాట. తడబడకుండా ఒక ఎదురుప్రశ్న వేయండి. "ఈ పనిలో నేను ఎవరితో ఎక్కువగా కలిసి పనిచేయాల్సి ఉంటుందండి?" జవాబు విన్నాక మీ పద్ధతి అక్కడ ఎలా పనిచేస్తుందో చెప్పండి.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

"నేను పర్‌ఫెక్షనిస్ట్‌ని." నిజంగా అదే మీ సమస్య అయితే ఆ మాట వాడకుండా చెప్పండి. "పంపాల్సిన రిపోర్ట్‌ని నాలుగోసారి దిద్దుతూ గడువు దాటిస్తాను" అంటే నమ్ముతారు.

"నాకు బలహీనతలేమీ లేవు." సవరణ లేదు. మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టండి.

క్షమాపణ చెబుతున్నట్టు మాట్లాడటం. "సారీ" అని ఒక్కసారి వచ్చినా తీసేయండి. నష్టం ఒప్పుకున్నారు, అది చాలు.

పనితో సంబంధం లేని బలహీనత. "నాకు వంట రాదు" లాంటిది నవ్విస్తుంది, తర్వాత అదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

అనుభవం లేదని సంఘటన లేకపోవడం. మొదటి ఉద్యోగమైతే చదువులో చేసిన ప్రాజెక్టు, నలుగురితో కలిసి చేసిన ఏదైనా పని తీసుకోండి. వరుస అదే.

## 10. వెళ్లేముందు చూసుకోండి

- [ ] అలవాటు ఒక్క వాక్యంలో వస్తోంది, అందులో పొగడ్త దాగిలేదు
- [ ] ఉద్యోగ ప్రకటన మరోసారి చదివాను, ప్రధాన బాధ్యతకు ఇది అడ్డురాదు
- [ ] సంఘటనలో ఎవరి మీదా నింద లేదు
- [ ] నష్టం ఒక వాక్యంలో ఉంది
- [ ] పద్ధతిలో గుర్తు, పని, ఆనవాలు మూడూ ఉన్నాయి
- [ ] చివరి రికార్డింగ్ 60 సెకన్లు దాటలేదు
- [ ] రెండో బలహీనత చిన్నగా సిద్ధంగా ఉంది
- [ ] చివరి వాక్యం నోటికి వచ్చింది

ఆ రోజు పొద్దున మొత్తం జవాబు మళ్లీ మళ్లీ వల్లించకండి, గొంతులో జీవం పోతుంది. ఐదు మాటల కాగితం ఒకసారి చూసుకుని, మొదటి వాక్యం, చివరి వాక్యం పైకి ఒక్కోసారి చెప్పుకుని బయల్దేరండి.